పది లీటర్ల నీరు

మా ఫ్యాక్టరీలో ఒక రియాక్షన్ పూర్తయిందో లేదో నీళ్లు కొలిచి చెప్పేవాళ్లం. ఈ మాట అంటే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. అంత చదువు చదివి చివరికి నీళ్లు పట్టే ఉద్యోగమా అని ఆమె వేళాకోళం. నేనూ ఆమెతో పాటు నవ్వుతాను కానీ ఆ నవ్వు మనస్ఫూర్తిగా రాదు. ఎందుకు రాదో ఇన్నాళ్లూ ఆమెకు చెప్పలేదు.

తొంభైల చివరి సంగతి. మా నాన్న స్టీల్‌ప్లాంటులో పని కోసం గోదావరి నుంచి వచ్చి విశాఖలో స్థిరపడినవాడు. నేను ఎమ్మెస్సీ ముగించి, తగరపువలస దాటాక హైవే పక్కనున్న ఒక చిన్న మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో షిఫ్టు కెమిస్టుగా చేరాను. పొద్దున్న నాలుగున్నరకే మద్దిలపాలెంలో కంపెనీ బస్సెక్కాలి. నిద్రమొహంతో వెళ్లినా, హెల్మెట్ పెట్టుకోగానే నాకు ఎక్కడలేని పెద్దరికం వచ్చేసేది. ఇరవై నాలుగేళ్లవాణ్ణి, నా కింద ఐదుగురు పనిచేస్తున్నారు. తలకు పొగరెక్కడానికి అంతకంటే ఏం కావాలి?

ఆ ఐదుగురిలో ఒకాయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ప్లాంటులో అందరూ ఆయన్ని బావ అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన మాత్రం నన్ను సార్ అనేవాడు. కాంట్రాక్టు మీద నాలుగేళ్లుగా చేస్తున్నాడు. పొలం కలిసిరాక ఊరు వదిలి తగరపువలసలో చేరిన మనిషి. ఆ ఏడాది పర్మినెంటు చేసే జాబితాలో ఆయన పేరుందని అందరికీ తెలుసు. ఆ కాగితం వస్తే ఈఎస్ఐ, పీఎఫ్, నెల నెలా జీతం. బావ దాని గురించి ఎక్కువ మాట్లాడేవాడు కాదు. కానీ ఎవరైనా ఎత్తితే మాత్రం తల వంచుకుని నవ్వేవాడు.

మేము చేసే పని ఇది. బ్రోమోబెంజాల్డిహైడ్ అనే తెల్లని పొడి ఉంటుంది. దాని అణువులో ఒక కొసన బ్రోమిన్, ఇంకో కొసన ఆల్డిహైడ్ అనే భాగం. మాకు పని బ్రోమిన్ కొసతో. అక్కడ మెగ్నీషియం చేర్చి, దాన్ని ఇంకో పదార్థంతో అతికించాలి. కానీ ఆల్డిహైడ్‌ను ఊరికే వదిలేస్తే మెగ్నీషియం చేరిన అణువు ముందు దాని మీదే పడుతుంది. అందుకని ముందుగా ఆల్డిహైడ్‌కు ముసుగు వేస్తాం. ఆ ముసుగే ఎసిటాల్. గ్లైకాల్ అనే చిక్కని ద్రవానికి రెండు చివర్లా రెండు ఓహెచ్‌లు ఉంటాయి. ఆల్డిహైడ్, గ్లైకాల్, టాలుయీన్ అనే ద్రావకం, చిటికెడంత ఆమ్లం, ఇవి కలిపి మరిగిస్తే ముసుగు పడుతుంది, నీరు బయటికొస్తుంది. ఒక్కో అణువుకూ ఒక్కో నీటి అణువు. ఆవిరిగా పోయిన టాలుయీన్ తనతో పాటు నీటిని కూడా పైకి మోసుకెళ్తుంది. పైన చల్లబడ్డాక రెండూ విడిపోతాయి. నీరు అడుగున చేరుతుంది, టాలుయీన్ మళ్లీ రియాక్టర్‌లోకి దిగుతుంది. మేము వేసే వంద కిలోల ఆల్డిహైడ్‌కు లెక్క ప్రకారం పది లీటర్లకు కాస్త తక్కువ నీరు రావాలి. అది వస్తే పని అయినట్టు.

అన్ని పనులూ అయ్యాక ఆఖర్న నీళ్లు కలిపిన ఆమ్లం పోసి ఆ ముసుగు తీసేస్తాం. ఆల్డిహైడ్ మళ్లీ ఎప్పటిలా బయటికొస్తుంది. ఆమ్లం ఉండి నీరు పోతూ ఉంటే ముందుకి, ఆమ్లం ఉండి నీరు చేరితే వెనక్కి. క్షారంలో అయితే ముసుగు చెక్కుచెదరదు. ఇంత సులువైన, ఇంత బుద్ధిగా నడిచే రియాక్షన్ ఇంకోటి లేదని అప్పట్లో నా అభిప్రాయం. ఇప్పటికీ తప్పు దాని దగ్గర లేదు.

ఆ నెలలో మా ప్లాంటు మేనేజర్ మా షిఫ్టుల మధ్య పోటీ పెట్టాడు. ఆయన కృష్ణా జిల్లా మనిషి, గొంతు పెద్దది, మనసు మాత్రం చెడ్డది కాదు. "మీ ఎసిటాల్ పదకొండు గంటలు పడుతుందేంటయ్యా, బియ్యం నానబెడుతున్నారా?" అని మీటింగులో వెక్కిరించాడు. నాతో పాటు చేరిన ఇంకో కెమిస్టు తొమ్మిది గంటల్లో చేశాడు. నేను ఒక్క షిఫ్టులో, అంటే ఎనిమిది గంటల్లో చేసి చూపిస్తానని మనసులో గట్టిగా అనుకున్నాను. ఎవరూ అడగలేదు. అడక్కుండానే అనుకున్నాను.

టాలుయీన్ కొత్తది కాదు. పాత బ్యాచ్‌ల నుంచి తిరిగి పట్టుకున్నది, ఆరుబయట డ్రమ్ముల్లో ఉండేది. అది వర్షాకాలం. పైగా పట్టుకున్న టాలుయీన్ అడుగున ఎప్పుడూ కొంత నీరు చేరి ఉంటుంది. ఆ నీటిని ముందు వంపేయాలి. తర్వాత టాలుయీన్ ఒక్కదాన్నే మరిగించి, దానిలో మిగిలిన నీరు కూడా తీసేసి, ఆ నీరెంతో విడిగా రాసుకుని, అప్పుడు మిగతావి వెయ్యాలి. రూలు అదీ. దానికే రెండు గంటలు పోయేవి.

ఆ పొద్దున్న బావ డ్రమ్ము దగ్గర నిలబడి, అడుగునుంచి గాజు బీకరులోకి కాస్త పట్టి నాకు చూపించాడు. కింద నీరు, పైన టాలుయీన్, మధ్య గీత స్పష్టంగా ఉంది.

"సార్, అడుగున నీల్లు బాగా ఉన్నాయి. వంపీమంటారా?"

"వద్దు బావా, టైమ్ లేదు. మరిగితే అదే బయటికొస్తది."

"మరి ఉత్తి టాలుయీన్ మరిగించడం?"

"దాంట్లోనే కలిసిపోద్ది. అన్నీ ఒకేసారి ఎక్కించీ."

నేను అన్నది అబద్ధం కాదు. ఆ నీరు నిజంగానే బయటికొస్తుంది. చుక్క కూడా రాని దాకా మరిగిస్తే ఏ ఇబ్బందీ లేదు. అయితే నేను చుక్కలు ఆగేదాకా కాదు, పది అంకె వచ్చేదాకా ఆగాను. మధ్యాహ్నం ఒంటిగంటకే అడుగున పది లీటర్లు నిండాయి. నా ఛాతీ ఉప్పొంగింది. ఆ పదిలో మూడు నాలుగు లీటర్లు డ్రమ్ముల నుంచి వచ్చిన నీరేనన్న ఆలోచన, ఎమ్మెస్సీ చదివిన ఈ బుర్రలోకి రాలేదు. వచ్చి ఉంటే ఏం చేసేవాణ్ణో కూడా నాకు నమ్మకం లేదు.

"ఇంకా సుక్కలు పడతన్నాయి సార్" అన్నాడు బావ, నీరు కనిపించే సైట్ గ్లాసు అద్దంలోకి చూస్తూ. "నిజంగానే ఆపీమంటారా?"

"పదైపోయింది కదా. ఇంకా మరిగిస్తే రంగొస్తుంది. ఆపు."

ఒక సీసాలోకి శాంపిల్ పట్టి టిఎల్‌సి ప్లేటు వేశాను. సిలికా పూత పూసిన చిన్న పలక మీద చుక్క పెట్టి, ద్రావకం పైకి పాకనిచ్చి, నీలి దీపం కింద చూస్తే ఏ పదార్థం ఎంతుందో మచ్చలుగా తెలుస్తుంది. ఎసిటాల్ మచ్చ పెద్దగా ఉంది. పక్కన ఆల్డిహైడ్ మచ్చ కూడా ఉంది, అదీ చిన్నదేం కాదు. మా ల్యాబులో దీనికి ఒక సిద్ధాంతం ఉండేది. సిలికాకు కాస్త ఆమ్ల గుణం ఉంటుంది కాబట్టి ప్లేటు మీదే ఎసిటాల్ విరిగి ఆల్డిహైడ్ కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు అని. కొంత నిజమే. కానీ ఆ కొంత నిజాన్ని మేము మా బద్ధకమంతటి మీదా దుప్పటిలా కప్పేసుకున్నాం. "ప్లేటు మీద విరిగింది" అని లాగ్ బుక్కులో రాసి సంతకం పెట్టాను.

బావ బైకార్బ్ వాష్ మొదలుపెట్టాడు. సోడా బైకార్బొనేట్ కలిపిన నీళ్లు పోసి బాగా కలిపితే ఆమ్లం చచ్చిపోతుంది. మిగిలిన గ్లైకాల్ కూడా ఆ నీటితోనే పోతుంది. ఆయన రెండుసార్లు కడిగాడు. ఆమ్లం మిగిలిందేమోనని పీహెచ్ కాగితం ముంచి చూసుకున్నాడు. నేను ఆఫీసు గది అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. రెండు గంటలకు నేను బస్సెక్కేసరికి బోర్డు మీద నా పేరు పక్కన "ఏడున్నర గంటలు" అని మేనేజరే రాశాడు.

మూడు రోజులకు మెగ్నీషియం దగ్గర అంతా తిరగబడింది. రియాక్షన్ అంటుకున్నట్టే అంటుకుని ఆగింది. తర్వాత గోధుమ రంగు జిగురు తయారైంది. వంద కిలోల సరుకు, దానితో పాటు ద్రావకం, మెగ్నీషియం, అంతా మట్టి. మెగ్నీషియం వేయకముందు కాస్త తీసి ఉంచిన పదార్థాన్ని పరీక్షిస్తే, మూడో వంతు ముసుగు లేని ఆల్డిహైడే.

అప్పుడు ల్యాబులో ఒక్కణ్ణే కూర్చుని, ఆ రోజు నేను వాష్‌కు ముందు పట్టిన శాంపిల్ సీసా బీరువాలోంచి తీశాను. ద్రావకంలో రెండు చుక్కలు ట్రైఎథిలమీన్ వేసి మళ్లీ ప్లేటు వేశాను. ఆ క్షారం సిలికాలోని ఆమ్ల గుణాన్ని నొక్కేస్తుంది, కనుక ప్లేటు మీద విరగడం ఉండదు. ఆల్డిహైడ్ మచ్చ అలాగే ఉంది. అంటే వాష్‌కు ముందే ఉంది. ముసుగు విరిగిపోలేదు, అసలు పూర్తిగా పడనే లేదు. డ్రమ్ము, బీకరులో గీత, పడుతున్న చుక్కలు, అన్నీ ఒక్కసారిగా నా కళ్ల ముందు నిలబడ్డాయి. ఆ సీసాను సింకులో ఒంపేసి, ఎసిటోన్‌తో మూడుసార్లు కడిగి, స్టాండులో బోర్లించాను. ఇది పొరపాటు కాదు. పొరపాటు అంతకుముందే అయిపోయింది. ఇది నేను తెలిసి చేసిన పని.

మర్నాడు మేనేజర్ గదిలో విచారణ. ఆయన, క్వాలిటీ ఆఫీసర్, నేను, బావ. మేనేజర్ నా చేతికి మార్కరిచ్చాడు.

"ఆల్డిహైడ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పవయ్యా. నాకు అర్థమయ్యేలా చెప్పు."

నేను బోర్డు మీద గీయడం మొదలుపెట్టాను. ఎసిటాల్‌లో ఒక ఆక్సిజన్ మీదికి ఆమ్లం నుంచి ప్రోటాన్ చేరుతుంది. అప్పుడు ఆ బంధం బలహీనపడి ఉంగరం తెరుచుకుంటుంది. కార్బన్ మీద ధనావేశం, దాన్ని పక్కనున్న రెండో ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్లతో ఆదుకుంటుంది. అక్కడికి నీరు వచ్చి తగులుతుంది, ప్రోటాన్ వదిలేస్తుంది. అదే హెమిఎసిటాల్, సగం ముసుగు. మళ్లీ ప్రోటాన్ చేరి గ్లైకాల్ పూర్తిగా విడిపోతుంది. మిగిలేది ఆల్డిహైడ్. ఆమ్లం ఖర్చవదు, చివర్లో అలాగే తిరిగి వస్తుంది, ఇంకో అణువు మీదికి పోతుంది. "కాబట్టి సార్, వాష్‌లో ఆమ్లం పూర్తిగా పోకపోతే, దానికి ఆ నీళ్లు తోడై, తర్వాత వేడి పడితే ఇలాగే అవుతుంది."

గీసిన ప్రతి బాణం సరైనదే. పరీక్షలో రాస్తే నూటికి నూరు మార్కులు పడేవి. అదే బాణాల్ని వెనక్కి తిప్పితే ముసుగు ఎలా పడుతుందో కూడా తెలుస్తుంది. ముందుకు పోకుండా ఆగిపోయినా ఆల్డిహైడే, పోయి వెనక్కొచ్చినా ఆల్డిహైడే. మిగిలిన పదార్థాన్ని చూసి ఈ రెంటిలో ఏది జరిగిందో దేవుడు కూడా చెప్పలేడు. చెప్పగలిగిన సీసాను నేను కడిగేశాను.

"ఇంకో కారణం ఏదైనా ఉండే అవకాశం ఉందా?" అని క్వాలిటీ ఆఫీసర్ అడిగాడు.

"లేదు సార్" అన్నాను. "నీరు పది లీటర్లు పూర్తిగా వచ్చింది. లాగ్‌లో ఉంది."

మేనేజర్ బావ వైపు తిరిగాడు. బావ బోర్డు మీది బాణాల్ని చూస్తున్నాడు. ఒక్క ముక్కా అర్థం కాలేదని మొహంలో తెలుస్తోంది.

"నాను సరిగ్గానే కడిగినాను సార్. రెండుపాల్లు కడిగినాను. కాయితం కూడా ముంచి సూసినాను."

"మరి అదెలా వచ్చిందయ్యా?"

బావ నా వైపు చూశాడు. నేరం మోపే చూపు కాదది. చదువుకున్నవాడు కదా, కాస్త సాయం చేస్తాడని చూసే చూపు. డ్రమ్ము సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తకూడదని కాదు, దానికీ దీనికీ సంబంధం ఉందని ఆయనకు తెలియదు. నాకు తెలుసు. నేను మార్కరు మూత పెడుతూ కూర్చున్నాను. "సంభావ్య కారణం: అసంపూర్ణ బైకార్బ్ వాష్" అన్న రిపోర్టు నా చేతిరాతే.

పర్మినెంటు జాబితాలోంచి ఆయన పేరు తీసేశారు. నెలాఖరుకు కాంట్రాక్టరు వేరే మనిషిని తెచ్చుకున్నాడు. ఆఖరి రోజున బావ సైకిల్ స్టాండు దగ్గర నా కోసం కాచుకుని ఉన్నాడు. తిడతాడేమో అనుకున్నాను.

"సార్, ఒక్క మాట. నా కడుగుడులో ఏటి లోపం? సెప్తే నేర్సుకుంటాను. ఇంకో కంపెనీలో అడిగితే ఉపయోగపడతాది."

నేను చెప్పాను. నాకు సిగ్గు లేదు, చెప్పాను. కింది పొరలో మాత్రమే కాక పై పొరను కూడా నీళ్లతో కదిలించి కాగితం ముంచాలని, పొరలు విడిపోవడానికి ఇరవై నిమిషాలు ఆగాలని, మూడోసారి కూడా కడిగితే మంచిదని. ఆయన జేబులోంచి సిగరెట్టు పెట్టె అట్ట తీసి, వెనక తెల్లగా ఉన్న వైపు పెన్సిల్‌తో ఒక్కొక్కటీ రాసుకున్నాడు. "సదువుకున్నోలు సెప్తేనే కదా సార్ తెలుస్తాది" అని దండం పెట్టి వెళ్లిపోయాడు.

నేను ఎదిగాను. రెండు కంపెనీలు మారాను, సొంత ఇల్లు కట్టుకున్నాను. నా ప్లాంటుల్లో లాగ్ షీటులో టాలుయీన్ నుంచి వచ్చే నీటికి "మొదటి నీరు" అని ఒక గడి విడిగా గీయించాను. అది నింపకుండా ఆమ్లం వేస్తే ఊరుకునేవాణ్ణి కాదు, గట్టిగా కేకలేసేవాణ్ణి. క్రమశిక్షణ ఉన్న మనిషి అని పేరొచ్చింది. తప్పు చేసినవాడికి కోపం ఎక్కువ ఉంటుందని నా అనుభవం.

రెండు వేల సంవత్సరం దాటిన చాలా కాలానికి, మా దగ్గర సరుకు కొనే కంపెనీ నుంచి ఒక పెద్దావిడ తనిఖీకి వచ్చింది. ఆ గడి చూసి ఎందుకని అడిగింది. నేను ఎవరో చేసిన తప్పులా ఆ కథ చెప్పాను. ఆమె కళ్లజోడు సవరించుకుని, "ముసుగు పడలేదో, పడి విరిగిందో తెలియలేదంటారేమిటి? వాష్‌కు ముందు తీసిన శాంపిల్ చూస్తే తేలిపోయేది కదా. అది ఏమైంది?" అంది. ఒక్క నిమిషం పట్టింది ఆమెకు. దొరకలేదటండీ అన్నాను.

ఆ ఆదివారమే తగరపువలస బస్సెక్కాను. మార్కెట్‌లో రెండు మూడు చోట్ల అడిగితే ఇల్లు తెలిసింది. బావ రైసుమిల్లులో బస్తాలు కుట్టే పనిలో ఉన్నాడట, ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి కాస్సేపు పట్టింది, పట్టాక మాత్రం గబగబా కుర్చీ తుడిచాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. డ్రమ్ములో నీరు, పది లీటర్లు, నేను ముందే ఆపించడం, సీసా కడిగేయడం, అన్నీ.

కొడితే కొట్టనీ అనుకుని నిలబడ్డాను.

"అంటే సార్, నాను బాగానే కడిగినానా?"

"బాగానే కడిగావు బావా. నీ తప్పు అణువంత కూడా లేదు."

"ఇనే, ఇటు రాయే!" అని లోపలికి కేక పెట్టాడు. చేపలు బాగుచేస్తున్న చేతులతోనే వాళ్లావిడ బయటికొచ్చింది. "ఈ సారు ఏటంటన్నారో ఇను. సార్, మల్లీ సెప్పండి."

మళ్లీ చెప్పాను. ఆమె తలుపు పట్టుకుని పూర్తిగా విన్నది.

"ఆ మాట అప్పుడే సెప్పుంటే ఏటయ్యేది బాబూ?"

"నా ఉద్యోగం పోయేదమ్మా."

"మా ఆయనది పోయింది గదా" అంది. గొంతు పెంచలేదు. చేతులు కడుక్కుని, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

బావ అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు. ఆయన్ని ఆ ఫ్యాక్టరీలో చేర్పించింది వాళ్లావిడ అన్నయ్యట. మాట పోగొట్టావని ఇన్నేళ్లుగా పండగలకు కూడా సరిగ్గా మాట్లాడ్డంట. ఇల్లు నాలుగు సందులవతల. "ఒక్కపాలి మా బావకి సెప్పండి సార్. నాను సెప్తే నమ్మడు. తమరు సెప్తే నమ్ముతాడు" అన్నాడు.

క్షమాపణ అడగాలని వచ్చాను, ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఆయనకు అది అక్కర్లేదు. సాక్ష్యం కావాలి, ఆ గదిలో నేను ఇవ్వని సాక్ష్యం. వాళ్లావిడ అన్నయ్య ఇంట్లో చెప్పాను. తర్వాత మిల్లు మేస్త్రీ ఇంట్లో, ఆ తర్వాత పాత ఫ్యాక్టరీలో తనతో పనిచేసిన ఇంకొకాయన ఇంట్లో చెప్పాను. ప్రతిచోటా బావ నా పక్కన నిటారుగా నిలబడి, నేను ఎక్కడైనా ఒక ముక్క వదిలేస్తే అందించాడు. చీకటి పడుతోంది, ఆఖరి సిటీ బస్సు వెళ్లిపోయే వేళయింది. "ఇంకొక్క ఇల్లుంది సార్, దగ్గరే" అన్నాడు. నేను ఆయన వెనకాలే నడిచాను.